సాగదీసిన డ్రాఫ్ట్ నుంచి ఒకే పని అడిగే మెయిల్ దాకా

ప్రశ్న: నేను అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్‌లో డిస్పాచ్, వసూళ్లు చూస్తాను. ఆగిపోయిన బిల్లు గురించి ఒక కస్టమర్‌కు రాసిన మెయిల్ ఎంత కత్తిరించినా పొడుగ్గానే ఉంటోంది. అకౌంట్స్, పర్చేజ్, స్టోర్స్ ముగ్గురికీ కలిపి రెండుసార్లు పంపాను, "చూస్తాం" అని మాత్రమే జవాబు వచ్చింది. ఆగస్టు 22న మళ్లీ పంపబోయే డ్రాఫ్ట్ ఇది. ఇందులో ఏం తీసెయ్యాలి?

"సర్, నమస్కారం. మీరు, మీ స్టాఫ్ అందరూ కుశలమని తలుస్తాను. మన సంస్థల మధ్య ఆరేళ్లుగా ఉన్న సత్సంబంధాలు మీకు తెలిసినవే. జులై 8న మీ పీవో 0236 ప్రకారం 4,000 పెట్టెలు పంపాము. ఆ రోజు దారిలో భారీ వర్షం వల్ల టార్పాలిన్ కిందికి నీరు దిగి 150 పెట్టెలు తడిసిన మాట వాస్తవమే, అందుకు చింతిస్తున్నాము, వాటిని జులై 11న మార్చి ఇచ్చాము, మా చలాన్ మీద మీ గోడౌన్ సంతకం కూడా ఉంది, అయినా అకౌంట్స్ వారు క్వాంటిటీ తేడా ఉందంటున్నారు. క్రాఫ్ట్ పేపర్ ధరలు పెరిగి మాకు చాలా ఇబ్బందిగా ఉన్నందున వచ్చే ఆర్డరు నుంచి రేటు సవరించవలసి ఉంటుంది. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజుల్లో చెల్లించాలన్నది మీకు తెలియనిది కాదు. మీరు గురువారాల్లో పేమెంట్లు పెడతారని తెలుసు. పండగ ఆర్డరు సైజులు కూడా త్వరగా తెలుపగలరు. దయచేసి పై విషయాలన్నీ పరిశీలించి తగు చర్యలు తీసుకుని బిల్లు సొమ్ము వీలైనంత త్వరగా విడుదల చేయగలరు."

సమాధానం:

నేను చాలా ఏళ్లు కొనుగోలుదారు వైపున, అంటే మీలాంటివారి బిల్లులు పాస్ చేసే బల్ల దగ్గర పనిచేశాను. అందువల్ల మీ మెయిల్‌ను రాసేవారి వైపు నుంచి కాక, దాన్ని తెరిచి చదివేవారి వైపు నుంచి చూసి చెబుతాను. మీరు మాటలు తగ్గించడంతో మొదలుపెట్టారు, అందుకే ఎంత కోసినా పొడుగు తగ్గలేదు. ఎవరు ఏ పని చేస్తే ఈ బిల్లు కదులుతుందో ముందుగా తేలాలి. అది తేలేదాకా ఏ వాక్యం అక్కరలేనిదో చెప్పడానికి మీ దగ్గర కొలత ఉండదు, ప్రతి వాక్యమూ ఏదో ఒక విధంగా ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది.

మీరు అడిగిన పని "బిల్లు సొమ్ము విడుదల చేయడం". ఆ పనిని మీ మెయిల్ అందుకున్న ముగ్గురిలో ఏ ఒక్కరూ ఈ రోజు చేయలేరు. మీ డ్రాఫ్ట్‌లో కారణం ఉంది, కానీ అది వర్షానికీ క్షమాపణకూ వెనుక, ఒక పొడవైన వాక్యం చివర పడిపోయింది: "అకౌంట్స్ వారు క్వాంటిటీ తేడా ఉందంటున్నారు". పద్ధతిగా నడిచే కంపెనీల్లో కొనుగోలు ఆర్డరు, సరుకు అందినట్టు స్టోర్స్ వారు నమోదు చేసే జీఆర్ఎన్, మీ బిల్లు, ఈ మూడింటిలో సంఖ్య ఒకటైతేనే బిల్లు పేమెంట్ జాబితాలోకి వెళుతుంది. జులై 8న మీ లారీ వచ్చినప్పుడు తడిసిన 150 పక్కన పెట్టి 3,850 పెట్టెలకు జీఆర్ఎన్ చేసి ఉంటారు. మూడు రోజుల తరువాత మీరు మార్చి ఇచ్చిన 150 పెట్టెలను గోడౌన్‌లో దించుకుని చలాన్ మీద సంతకం పెట్టారు గాని, వాటికి జీఆర్ఎన్ చేసి ఉండరు. బిల్లు లేకుండా ఉత్త చలాన్ మీద వచ్చిన సరుకు విషయంలో ఇలా జరగడం నేను ఎన్నోసార్లు చూశాను, ఎందుకంటే సంతకం పెట్టేది గేటు దగ్గరో దింపుడు దగ్గరో ఉన్న మనిషి, సిస్టమ్‌లో నమోదు చేసేది వేరొకరు. ఆ చలాన్ కాగితం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి వెళ్లకపోతే, అకౌంట్స్ స్క్రీన్ మీద 4,000 పెట్టెల బిల్లు ఎదురుగా ఇప్పటికీ 3,850 అనే ఉంటుంది.

ఇది నా ఊహగా మిగలకూడదు కాబట్టి మెయిల్ ముట్టుకోకముందే అకౌంట్స్‌లో బిల్లులు చూసే వ్యక్తికి ఒక ఫోన్ చేయండి. "సొమ్ము ఎప్పుడు ఇస్తారండీ" అని అడిగితే ఆయన దగ్గర "చూస్తాం" తప్ప జవాబు ఉండదు. "అండీ, మా బిల్లులో మీకు జీఆర్ఎన్ ఎన్ని పెట్టెలకు కనిపిస్తోంది?" అని అడగండి. అది స్క్రీన్ చూసి వెంటనే చెప్పగల సంగతి. ఆయన 3,850 అన్నారంటే మీకు కావలసింది దొరికినట్టే. వేరే కారణం చెప్పారంటే, ఉదాహరణకు పీవోలో ఉన్న రేటుకూ బిల్లులో వేసిన రేటుకూ తేడా ఉందన్నారంటే, కింద చెప్పే మెయిల్‌లో మనిషీ మారతారు, పనీ మారుతుంది. ఇక్కడ 3,850 అన్నారనుకుని ముందుకు వెళతాను.

ఇప్పుడు ఒకే ఒక వాక్యం రాయండి. అందులో ఎవరు, ఏమిటి, ఎప్పటిలోగా అన్నవి మూడూ ఉండాలి. స్టోర్స్ ఇన్‌చార్జి, జులై 11 చలాన్ మీద వచ్చిన 150 పెట్టెలకు, మంగళవారం సాయంత్రంలోగా జీఆర్ఎన్ చేయాలి. ఈ పని సరైనదో కాదో చూడడానికి నేను మూడు సంగతులు గమనిస్తాను. ఆ మనిషి ఇంకొకరి అనుమతి కోసం ఎదురుచూడకుండా తానే చేయగలగాలి, ఒక్కసారి కూర్చుంటే పూర్తి కావాలి, పూర్తయినట్టు ఇద్దరికీ కనిపించే గుర్తు ఒకటి ఉండాలి. జీఆర్ఎన్ ఈ మూడింటికీ నిలుస్తుంది, ఎందుకంటే అది చేయగానే ఒక నంబరు వస్తుంది, ఆ నంబరే పని అయినదానికి గుర్తు. "పరిశీలించి తగు చర్యలు తీసుకోవడం" ఒక్కదానికీ నిలవదు, దాన్ని చదివినవారు నిజంగానే పరిశీలించి, తాము చేయవలసింది చేశామనుకుని పక్కన పెట్టగలరు.

గడువు మంగళవారం ఎందుకంటే, వారు గురువారాల్లో పేమెంట్లు పెడతారని మీరే రాశారు. జీఆర్ఎన్ మంగళవారానికి పడితే అకౌంట్స్ వారికి బుధవారం ఒక రోజు చేతిలో ఉంటుంది. "వీలైనంత త్వరగా" అనేది పది పనులున్న మనిషికి పదకొండో పని. తేదీకి ఆధారం ఆయన కంపెనీ పద్ధతిలోనే ఉంటే అది మీ ఒత్తిడిగా అనిపించదు.

పని తేలింది కాబట్టి ఇప్పుడు కత్తిరింపు. డ్రాఫ్ట్‌లో ప్రతి వాక్యం దగ్గర ఆగి, "ఇది లేకపోతే స్టోర్స్ ఇన్‌చార్జి ఆ జీఆర్ఎన్ చేయలేరా?" అని అడగండి. కుశల ప్రశ్న, ఆరేళ్ల సత్సంబంధాలు లేకపోయినా చేయగలరు. నమస్కారం అన్న ఒక్క మాట ఉంచండి, మర్యాదకు అది సరిపోతుంది. వర్షం, టార్పాలిన్ సంగతి లేకపోయినా చేయగలరు. ఇక్కడ మీకు మనసు ఒప్పదని నాకు తెలుసు, ఎందుకంటే తప్పు జరిగినప్పుడు వివరణ ఇవ్వకపోతే బాధ్యత లేనట్టు ఉంటుందని మనకు అనిపిస్తుంది. కానీ ఆ తప్పును మీరు జులై 11నే సరిదిద్దారు. ఆగస్టులో మళ్లీ తడిసిన పెట్టెల కథ చెబితే, సగం చదివి వదిలేసిన మనిషికి "ఈ సరుకులో ఇంకా ఏదో గొడవ ఉంది" అనే గుర్తు మిగులుతుంది, అప్పుడు ఆయన నమోదు చేయడానికి బదులు క్వాలిటీ వారిని అడుగుదామని ఆగుతారు. "మార్చి ఇచ్చిన 150 పెట్టెలు" అన్నంత మాత్రం చాలు.

పీవో నంబరు, చలాన్ నంబరు, తేదీ, సంఖ్య లేకపోతే ఆయన చేయలేరు. మీ డ్రాఫ్ట్‌లో పీవో నంబరు ఉంది గాని, అన్నిటికంటె అవసరమైన చలాన్ నంబరు అసలు లేదు. పొడవైన డ్రాఫ్టుల్లో నేను తరచుగా చూసింది ఇదే. అనవసరమైనవన్నీ ఉన్నాయన్న నిండుతనంలో, లేనిది కంటికి కనబడదు. కత్తిరించిన తరువాత మాత్రమే అది బయటపడుతుంది. ఇక్కడ ఆ చలాన్ నంబరు 57 అనుకుందాం.

బిల్లు మొత్తం ఎంతో మీరు రాయలేదు, రాయవద్దు కూడా. స్టోర్స్ ఇన్‌చార్జి పెట్టెలు లెక్కపెట్టే మనిషి, సొమ్ముతో ఆయనకు పని లేదు. సొమ్ము కనిపించగానే "ఇది అకౌంట్స్ వాళ్ల సంగతి" అని మెయిల్‌ను అటు పంపేసే అవకాశం ఉంది.

ఎంఎస్ఎంఈ చట్టం వాక్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది నిజమైన హక్కు, దాన్ని తప్పు చోట ఖర్చు చేయడం నాకు బాధగా ఉంటుంది. 2006 నాటి ఆ చట్టం ప్రకారం, మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి, చెల్లింపు గడువు గురించి రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ గడువు 45 రోజులకు మించకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులే. అయితే ఆ రోజులు సరుకును అంగీకరించిన నాటి నుంచి లెక్క. సరుకు అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి ఉంటే, ఆ అభ్యంతరాన్ని మీరు తీర్చిన రోజే అంగీకరించిన రోజు అవుతుంది. తడిసిన పెట్టెల గురించి వారు అలా రాసి ఉన్నారంటే, మీ 45 రోజులు జులై 8 నుంచి కాక జులై 11 నుంచి మొదలయ్యాయనీ, ఆగస్టు 22న కాక 25న ముగుస్తాయనీ వారు వాదించగలరు. మీరు ఆ వాక్యం రాసిన మరుక్షణం మెయిల్ ఈ మూడు రోజుల చర్చగా మారుతుంది, 150 పెట్టెల నమోదు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పైగా చట్టం పేరు వినగానే స్టోర్స్ మనిషి పైవారిని అడగకుండా కలం కదపరు. ఈ వాక్యాన్ని పారెయ్యకండి, దాచండి. జీఆర్ఎన్ పడిన తరువాత కూడా సొమ్ము రాకపోతే అకౌంట్స్ మేనేజర్‌కు రాసే ఉత్తరంలో దానికి చోటు ఉంది.

మిగిలినవి రేటు సవరణ, పండగ సైజులు. రెండూ పర్చేజ్ వారివి, కాబట్టి ఈ మెయిల్ నుంచి పూర్తిగా బయటకు వెళ్లాలి. సైజుల గురించి వేరే మెయిల్ ఈ రోజే పంపవచ్చు, దానికీ ఒకే పని, ఒకే తేదీ ఉండాలి. రేటు సంగతి మాత్రం ఈ బిల్లు తేలేదాకా ఆపండి, తరువాత కూడా ముందు ఫోన్‌లో మాట్లాడి ఆపై రాయండి. సొమ్ము అడుగుతూ అదే ఊపిరిలో రేటు పెంచుతామంటే, రెండూ కలిపి ఒకే బేరంగా చూసే అవకాశాన్ని మీరే ఇచ్చినవారవుతారు.

ఇన్ని తీసేశాక మెయిల్ ఇలా మిగులుతుంది. స్టోర్స్ ఇన్‌చార్జి ఒక్కరికే పంపండి, ప్రతి మాత్రం అకౌంట్స్‌లో మీరు ఫోన్ చేసిన వ్యక్తికి పెట్టండి.

"విషయం: చలాన్ 57, 150 పెట్టెలకు జీఆర్ఎన్, మంగళవారంలోగా

నమస్కారం సర్,

జులై 11న మార్చి ఇచ్చిన 150 పెట్టెలకు (మా చలాన్ 57, మీ పీవో 0236) దయచేసి మంగళవారం, ఆగస్టు 26 సాయంత్రం 4 గంటలలోగా జీఆర్ఎన్ చేసి, ఆ నంబరును ఈ మెయిల్‌కు జవాబుగా పంపండి.

జులై 8 నాటి జీఆర్ఎన్‌లో 3,850 పెట్టెలే ఉన్నాయి. అందువల్ల 4,000 పెట్టెల బిల్లు అకౌంట్స్‌లో ఆగింది.

మీ గోడౌన్ సంతకం ఉన్న చలాన్ ఫొటో జతచేశాను. నమోదుకు అడ్డు ఏదైనా ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

ఈ నాలుగు ముక్కల అమరికలో రెండు సంగతులు తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. "ఉన్నందున", "కావున", "అయినప్పటికీ" అంటూ కారణాలన్నీ ముందు పేర్చుకుంటూ పోతే, చేయవలసిన పని చివరి మాట దాకా బయటపడదు, అప్పటికి చదివేవారి ఓపిక అయిపోతుంది. మీ డ్రాఫ్ట్‌లో 150 పెట్టెల వాక్యాన్ని గట్టిగా చదివి చూడండి, వర్షంతో మొదలై క్వాంటిటీ తేడాతో ముగిసేలోపు ఐదు సంగతులు దాటుతాయి. అందుకే పై మెయిల్‌లో కారణాన్ని "3,850 మాత్రమే ఉన్నందున బిల్లు ఆగింది కావున జీఆర్ఎన్ చేయగలరు" అని ముందు తగిలించకుండా, పని చెప్పే వాక్యాన్ని ముగించి, కారణానికి తరువాత వేరే వాక్యాలు ఇచ్చాను. కారణం చదవకుండా ఆపేసినా ఆయనకు పని తెలిసిపోతుంది.

రెండోది "చేయగలరు" అనే మాట. ఆఫీసు తెలుగులో దాన్ని అభ్యర్థనగా వాడడం మనకు అలవాటైపోయింది గాని, దాని మామూలు అర్థం చేసే శక్తి ఉందనే. "విడుదల చేయగలరు", "తెలుపగలరు" అన్నప్పుడు అడిగినట్టూ ఉంటుంది, అడగనట్టూ ఉంటుంది, ఎప్పటిలోగా అనే ప్రశ్నే పుట్టదు. "దయచేసి పంపండి" అనడంలో అమర్యాద ఏమీ లేదు. దయచేసి అన్న మాటలోనూ "అండి"లోనూ గౌరవం ఉంది, పని మాత్రం స్పష్టంగా ఉంది. స్టోర్స్ ఇన్‌చార్జి వయసులో పెద్దవారైతే, మీకు మొహమాటంగా ఉంటే, "మీ సహాయం కావాలి సర్" అనే ఒక చిన్న వాక్యం ముందు చేర్చుకోండి. క్రియను మాత్రం మెత్తబరచకండి.

చివరి వాక్యంలో "అడ్డు ఏదైనా ఉంటే ఫోన్ చేయండి" అన్నది రెండో పని కాదా అని మీకు అనుమానం రావచ్చు. నేను దాన్ని కావాలనే ఉంచాను. ఆయన దగ్గర ఆ చలాన్ ప్రతి పోయి ఉండవచ్చు, లేదా గోడౌన్‌లో లెక్కపెడితే 148 వచ్చి ఉండవచ్చు. అలాంటప్పుడు పని చేయలేని మనిషి జవాబే ఇవ్వకుండా ఊరుకుంటాడు, మీకు ఆ మౌనానికి కారణం తెలియదు. అదే పని ఆగితే ఏం చేయాలో చెప్పే వాక్యం ఇది, మరో కొత్త పనిని నెత్తిన పెట్టేది కాదు. సైజులు పంపమనడం అలా కాదు, అది వేరే పని.

ప్రతులు ఎక్కువమందికి పెట్టాలనే కోరిక కూడా ఆపుకోండి. ముగ్గురిని కలిపి "సర్" అన్నప్పుడు ఆ ముగ్గురూ మిగిలిన ఇద్దరిలో ఎవరో చూస్తారనుకున్నారు, మీ మొదటి రెండు మెయిళ్లకు జరిగింది నా లెక్కన అదే. పర్చేజ్ మేనేజర్‌కు ప్రతి పెడితే ఫిర్యాదు చేసినట్టు ఉంటుంది, స్టోర్స్ వారు పని చేయడం కంటె తమను సమర్థించుకోవడం మీద దృష్టి పెడతారు. అకౌంట్స్ వ్యక్తికి ప్రతి ఎందుకంటే, జవాబులో జీఆర్ఎన్ నంబరు రాగానే అది ఆయనకూ చేరుతుంది, మీరు మళ్లీ రాయనక్కరలేదు.

పంపిన తరువాత వచ్చే జవాబును బట్టి మెయిల్‌లో ఏ లోపం మిగిలిందో తెలుసుకోవచ్చు. "ఏ చలాన్ అండీ?" అని ప్రశ్న వస్తే అవసరమైనది కూడా కోసేశారు. చిన్నదిగా చేయాలనే పట్టుదలతో నంబర్లు, తేదీలు తీసేయడం కొత్తగా కత్తిరింపు నేర్చినవారు చేసే పొరపాటు, మాటల సంఖ్య తగ్గింది గాని ఆయన మళ్లీ మీకు రాయవలసి వచ్చింది. "చూస్తాం సర్" అని వస్తే పనికి ఆకారం రాలేదు, లేదా ఆ పని ఆయన చేతిలో లేదు. జవాబు ఇంకో సంగతి గురించి వస్తే, ఉదాహరణకు "రేటు విషయం మేనేజర్ గారితో మాట్లాడండి" అని వస్తే, తీసేయవలసినది ఏదో మిగిలిపోయింది. చదివేవారు ఎప్పుడూ తమకు సులువైన దానికే జవాబు ఇస్తారు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. వారు 150 పెట్టెలు అందలేదని అన్నా, సొమ్ము ఇచ్చేది లేదని తెగేసి చెప్పినా, అప్పుడు మీరు రాసేది పని చేయించే మెయిల్ కాదు, రేపు ఇంకొకరు చదివి తీర్పు చెప్పవలసిన రికార్డు. బకాయిల వివాదాలు తేల్చే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్ దాకా ఆన్‌లైన్ దరఖాస్తుతో వెళ్లవలసి వస్తే, జులై 8 నుంచి జరిగినదంతా, వర్షంతో సహా, తేదీల వరుసలో ఉండాలి. అందువల్ల మీ పొడవైన డ్రాఫ్ట్‌ను చెరిపెయ్యకండి. కుశల ప్రశ్నలు, ధరల బాధ తీసేసి, తేదీలు, చలాన్, సంతకం, ఫోన్‌లో ఎవరు ఏమన్నారో చేర్చి, ఆ బిల్లు ఫైల్‌లో పెట్టుకోండి.

మంగళవారం 4 గంటలకు జవాబు రాకపోతే కొత్త మెయిల్ రాయకండి. అదే మెయిల్‌కు జవాబుగా, "సర్, చలాన్ 57కు జీఆర్ఎన్ నంబరు ఇంకా అందలేదు. బుధవారం ఉదయం 11 గంటలలోగా పంపితే ఈ గురువారం పేమెంట్ జాబితాలోకి బిల్లు వెళ్లే అవకాశం ఉంటుంది" అని రెండు వాక్యాలు పంపి, పది నిమిషాల తరువాత ఫోన్ చేయండి. ఆ ఫోన్‌లో కూడా ఆయనను అడగవలసింది జీఆర్ఎన్ నంబరు ఒక్కటే.